బెల్టు రంధ్రంలో దొరికే నిజం

రోడ్డు పక్క బండి మీద మూడు వందల బెల్టుకూ ‘జెన్యూన్ లెదర్’ ముద్ర ఉంటుంది. ముద్రను వదిలేసి, బకిల్ పిన్ను దూరే రంధ్రం లోపలికి చూడండి. బెల్టు అంచులకు రంగు పూస్తారు కానీ, ఈ రంధ్రాల్లో సాధారణంగా పూయరు.

తోలైతే ఆ కోతలో చిక్కగా అల్లుకున్న సన్నని పీచు కనిపిస్తుంది. రెగ్జిన్ అయితే పైన పలచని ప్లాస్టిక్ పొర, కింద గుడ్డ వేరువేరుగా తెలుస్తాయి. ఆ పొర పాలియురెథేన్‌దైతే చెమటా, గాలిలోని తేమా దాన్ని మెల్లగా విరిచేస్తాయి. వాడకుండా బీరువాలో దాచినా కొన్నేళ్లకు పొలుసులుగా రాలేది అందుకే.

తర్వాత బెల్టును వంచండి. తోలు మీద చిన్న ముడతలు ఒక్కోచోట ఒక్కోలా పడతాయి. జానెడు జానెడుకూ అదే గీత, అదే చుక్క తిరిగి వస్తుంటే అది అచ్చు. అయితే అసలు తోలు మీదా అచ్చు వేస్తారు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మకండి.

వాసన చివరి సాక్ష్యం. ఘాటైన ప్లాస్టిక్ కంపు కొడితే అనుమానించాలి. తోలు వాసన వచ్చినా నిశ్చింత లేదు, దాన్ని అద్దొచ్చు.

తోలు పొడిని జిగురుతో అతికించిన రకమూ ఉంది. పీచు చూపించి మోసం చేసేది ఇదే. రంధ్రం అంచును గోటితో గీకితే పొడిపొడిగా రాలితే, కొనకండి. అదీ పొరలూడేదే.