జీతం పెరిగినా లేమి ఎందుకు? – నిర్దేశక సమూహం, సాపేక్ష లేమి

ఉపోద్ఘాతం

"జీతం పెరిగింది. కానీ ఏం లాభం? ఎదురింటివాళ్ళ ముందు మనం ఎప్పుడూ తక్కువే." ఇటువంటి మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. మీరే అని కూడా ఉండవచ్చు. ఆదాయం పెరిగిన మనిషి తాను పేదవాడినని ఎందుకు అనుకుంటాడు? అతడు అబద్ధం చెబుతున్నాడా? లేదు. అతడు తన ఆదాయాన్ని దేనితో కొలుస్తున్నాడో తెలుసుకుంటే విషయం అర్థమవుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నిర్దేశక సమూహం, సాపేక్ష లేమి అంటే ఏమిటో చెప్పగలుగుతారు;
• మనుషులు ఎవరితో పోల్చుకుంటారో, ఎవరితో పోల్చుకోరో వివరించగలుగుతారు;
• సాపేక్ష లేమికి, నిజమైన పేదరికానికి తేడా గుర్తించగలుగుతారు.

1. కొలబద్ద ఎవరు?

మనిషి తన స్థితిని అంచనా వేసుకోవడానికి ఎవరిని కొలబద్దగా తీసుకుంటాడో వారిని నిర్దేశక సమూహం అంటారు. 1942లో హెర్బర్ట్ హైమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ భావనకు పేరు పెట్టాడు. నిర్దేశక సమూహంలో మనం సభ్యులమై ఉండనవసరం లేదు. మన కంటికి కనిపిస్తూ, 'మనమూ అలా ఉండవలసినవాళ్ళమే' అనిపిస్తే చాలు.

ఆ సమూహంతో పోల్చుకున్నప్పుడు కలిగే లోటు భావనే సాపేక్ష లేమి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనికులపై శామ్యూల్ స్టౌఫర్, ఆయన సహచరులు జరిపిన పరిశీలనలో ఇది స్పష్టంగా బయటపడింది. ఆ ఫలితాలు 1949లో వెలువడ్డాయి. సైనిక పోలీసు విభాగంలో ప్రమోషన్లు చాలా తక్కువ. వైమానిక దళంలో ఎక్కువ. అయినా ప్రమోషన్ల తీరుపై ఎక్కువ అసంతృప్తి వైమానిక దళంలోనే కనిపించింది. కారణం ఏమిటి? సైనిక పోలీసులో ప్రమోషన్ రానివాడి చుట్టూ అందరూ అతనివంటివాళ్ళే. వైమానిక దళంలో ప్రమోషన్ రానివాడికి, వచ్చినవాళ్ళు రోజూ ఎదురుపడతారు.

2. గార్డెన్ రీచ్ ఉదాహరణ

కలకత్తాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్ పేరు ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు బాగా తెలుసు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజన్ దాని కిందనే ఉండేది. అదే గార్డెన్ రీచ్‌లో నౌకానిర్మాణ కర్మాగారం కూడా ఉంది. దానిని కేంద్ర ప్రభుత్వం 1960లో తన అధీనంలోకి తీసుకుంది. రైల్వే ఉద్యోగీ, ఫ్యాక్టరీ కార్మికుడూ ఒకే బజారులో కూరలు కొనే చోటు అది.

మూడవ వేతన సంఘం సిఫార్సుల తరువాత 1973 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వోద్యోగుల జీతాలు పెరిగాయి. కనీస జీతం నెలకు 196 రూపాయలైంది. అయినా 1974 మే 8న రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ఇరవై రోజులు సాగిన ఆ సమ్మెలో సుమారు 17 లక్షలమంది పాల్గొన్నారని అంచనా.

వారి కోరికల్లో ఒకటి బోనస్. 1965 నాటి బోనస్ చట్టం ఫ్యాక్టరీ కార్మికులకు బోనస్‌ను హక్కుగా ఇచ్చింది. 1970ల మొదట్లో దాని కనీస రేటు 8.33 శాతానికి పెరిగింది. కానీ ప్రభుత్వ శాఖలు స్వయంగా నడిపే సంస్థలను ఆ చట్టం మినహాయించింది. రైల్వే అటువంటిదే.

ఈ తేడా విలువ ఎంతో లెక్క వేద్దాం. నెలకు 196 రూపాయలు అంటే ఏడాదికి 2,352 రూపాయలు. అందులో 8.33 శాతం దాదాపు 196 రూపాయలు, అంటే సరిగ్గా ఒక నెల జీతం. ఫ్యాక్టరీ కార్మికుడి ఇంటికి ఏటా పదమూడవ జీతం వస్తుంటే, రైల్వే కార్మికుడి ఇంటికి పన్నెండే వచ్చాయి. అతడి జీతం ఎవరూ తగ్గించలేదు. పక్కవాడికి అందినది తనకు అందకపోవడమే అతడి లోటు.

ఇతర ప్రభుత్వరంగ సంస్థల కార్మికులతో సమాన వేతనం కావాలన్నది మరో కోరిక. ఇక్కడ కొలబద్ద ఎవరో కోరికలోనే చెప్పారు, గమనించండి.

3. అందరితోనూ పోల్చుకోరు

గార్డెన్ రీచ్ రైల్వే ఉద్యోగి జూట్ మిల్లు యజమానితో ఎందుకు పోల్చుకోలేదు? దీనికి జవాబు బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.జి. రన్సిమన్ 1966లో ఇచ్చాడు. ఒక వస్తువు విషయంలో సాపేక్ష లేమి కలగాలంటే నాలుగు ఉండాలి: అది తన దగ్గర లేకపోవాలి, ఇతరుల దగ్గర ఉందని తెలియాలి, అది కావాలనిపించాలి, అది తనకు దక్కడం సాధ్యమే అనిపించాలి. యజమాని మేడ విషయంలో నాలుగవది లేదు. బోనస్ విషయంలో నాలుగూ ఉన్నాయి.

రైల్వేలోనే అప్పట్లో లక్షలాది క్యాజువల్ కార్మికులు ఉండేవారు. పర్మనెంట్ ఉద్యోగి వారిని చూసి తృప్తిపడలేదు. క్యాజువల్ కార్మికుడికి మాత్రం పర్మనెంట్ ఉద్యోగే కొలబద్ద. చూపు సాధారణంగా ఒక మెట్టు పైకే పోతుంది.

కొలబద్ద తరంతో పాటు మారుతుంది కూడా. శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో చేరిన ఒక గ్యాంగ్‌మన్‌ను ఊహించుకోండి. అతడు ఊళ్ళో కూలి చేసుకుంటున్న అన్నదమ్ములతో పోల్చుకుని 'నాకేం, రాజాలా ఉన్నాను' అనుకుంటాడు. కలకత్తాలో చదువుకున్న అతడి కొడుకు గుమాస్తా అవుతాడు. తండ్రికన్నా ఎక్కువ సంపాదిస్తాడు. కానీ అతడు తనతో చదివి ఆఫీసరైన స్నేహితుడిని చూస్తాడు. అందుకే ఎక్కువ సంపాదించేవాడికే ఎక్కువ లోటు.

4. ఇది పోలికా, పేదరికమా?

'అంతా పోలిక వల్లనే' అని తోసిపుచ్చడం తప్పు. ఒక లెక్క చూడండి. ఇద్దరు పొరుగువారి జీతం 200 రూపాయలు. ఒకరికి 240 అయింది. మరొకరికి 300 అయింది. ధరలు 10 శాతం పెరిగాయి. మొదటివారి 240 రూపాయలను 1.10తో భాగిస్తే పాత ధరల్లో దాదాపు 218 వస్తుంది. అంటే నిజంగా 18 రూపాయలు లాభమే. కానీ పొరుగువారితో తేడా సున్నా నుంచి 60 రూపాయలైంది. ఇది సాపేక్ష లేమి.

ఇప్పుడు ధరలు 30 శాతం పెరిగాయనుకోండి. 240ని 1.30తో భాగిస్తే దాదాపు 185 వస్తుంది. జీతం పెరిగినా కొనుగోలు శక్తి తగ్గింది. ఇది పోలిక కాదు, నిజమైన నష్టం. 1974లో ధరలు ఏడాదిలో 20 శాతానికి మించి పెరిగాయి. కాబట్టి ఆ సమ్మెలో రెండూ కలిసే ఉన్నాయి: కరువుభత్యం కోరిక ధరల నుంచి, బోనస్ కోరిక పోలిక నుంచి వచ్చాయి.

పోలిక నుంచి వచ్చినంత మాత్రాన కోరిక అన్యాయమని కాదు. రైల్వే సమ్మె అప్పటికి ఓడిపోయింది. కానీ 1979-80 నుంచి రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ వచ్చింది.

సారాంశం

మనిషి తన స్థితిని నిర్దేశక సమూహంతో కొలుస్తాడు. ఆదాయం పెరిగినా ఆ సమూహం ఇంకా ముందుకు పోతే, లేదా అతడు పై సమూహాన్ని కొలబద్దగా చేసుకుంటే, లోటు భావన పెరుగుతుంది. ధరలను లెక్కలోకి తీసుకుంటేనే పోలికను, నిజమైన నష్టాన్ని విడదీయగలం.

పాఠాంతర్గత ప్రశ్నలు

1. వైమానిక దళంలో ప్రమోషన్లు ఎక్కువైనా అసంతృప్తి ఎందుకు ఎక్కువగా ఉంది?
2. ఒకరి జీతం 500 నుంచి 600 అయింది. ధరలు 25 శాతం పెరిగాయి. అతడి నిజ ఆదాయం పెరిగిందా?
3. గత ఐదేళ్ళలో మీరు ఎవరితో పోల్చుకుంటున్నారో, అంతకుముందు ఎవరితో పోల్చుకునేవారో రాయండి.

జవాబులు

1. ప్రమోషన్ పొందిన తోటివారు చుట్టూ ఎక్కువగా ఉండడం వల్ల.
2. లేదు. 600ను 1.25తో భాగిస్తే 480. పాత ధరల్లో 20 రూపాయలు తగ్గింది.
3. మీ అనుభవాన్ని బట్టి.