మాత్ర వేసుకున్నా పని చేయలేదంటే...

‘మాత్ర వేసుకున్నాను డాక్టరు గారూ, ఏమీ లాభం లేకపోయింది.’ అంగస్తంభన సమస్యకు వైద్యం చేసే డాక్టర్లు తరచూ వినే మాట ఇది. ఇలా చెప్పేవాళ్లలో కొందరికి నిజంగానే మందు పనిచేయదు. కానీ చాలామంది విషయంలో మందు తప్పేమీ ఉండదు. దాన్ని ఎప్పుడు వేసుకోవాలో, ఏం తిన్నాక వేసుకోవాలో, వేసుకున్నాక ఏం జరుగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. మెడికల్ షాపులో పక్కన ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడిగి, చీటీ లేకుండా కొని, జేబులో దాచుకుని వచ్చేసే మనిషికి చెప్పేదెవరు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆయనకు 54 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. ఏడాదిగా స్తంభన సరిగా రావడం లేదు, వచ్చినా నిలవడం లేదు. స్నేహితుడి మాట విని సిల్డెనాఫిల్ 50 ఎంజీ మాత్ర కొన్నాడు. ఫలితం లేకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వాళ్ల సంభాషణ ఇలా సాగుతుంది.

‘ఆ రోజు రాత్రి ఏం తిన్నారండీ?’

‘చుట్టాల పెళ్లి విందండీ. మటన్ బిర్యానీ, తర్వాత డబుల్ కా మీఠా.’

‘మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?’

‘ఇంటికొచ్చాక, పదింపావుకి.’

‘వేసుకున్నాక?’

‘మంచం మీద పడుకుని గడియారం చూస్తూ ఉన్నానండీ. పదకొండు దాటినా ఏమీ లేదు. మందు నకిలీదేమో అనుకుని నిద్రపోయాను.’

ఈ నాలుగు ముక్కల్లోనే మందు పనిచేయకపోవడానికి రెండు కారణాలున్నాయి. అవి అర్థం కావాలంటే ముందు ఈ మాత్ర శరీరంలో ఏం చేస్తుందో చూడాలి.

మగవాడిలో కోరిక కలిగినప్పుడు, స్పర్శ తగిలినప్పుడు, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ పురుషాంగంలోని నరాలకు సంకేతం అందుతుంది. ఆ నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దానివల్ల అక్కడి కండర కణాల్లో సీజీఎంపీ అనే రసాయనం తయారవుతుంది. బిగుసుకుని ఉన్న కండరాన్ని వదులు చేసేది ఇదే. కండరం వదులైతే రక్తం వేగంగా లోపలికి వస్తుంది. స్పాంజిలాంటి కణజాలం నిండి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోతాయి. అదే స్తంభన. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలకు సంకేతాలు అందిస్తుందని కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి దొరికిందీ ఆ ఏడాదే. ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ శాస్త్రవేత్తలు మొదట దాన్ని గుండెనొప్పి కోసం పరీక్షించారు. గుండెనొప్పికి ఆశించినంత మేలు కనిపించలేదు గానీ, పరీక్షల్లో పాల్గొన్న మగవాళ్లు మాత్రం స్తంభన బాగా వస్తోందని చెప్పారు. మందు దారి అక్కడే మారింది.

తయారైన సీజీఎంపీ ఎక్కువసేపు నిలవదు. పీడీఈ5 అనే ఎంజైమ్ దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతూ ఉంటుంది. సిల్డెనాఫిల్, తడలాఫిల్ రెండూ చేసేది ఈ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. తొట్టిలోకి కుళాయి నుంచి నీళ్లు వస్తుంటే అడుగున తూము గుండా పోతున్నాయనుకోండి. ఈ మాత్ర తూమును మూసిపెడుతుంది. కుళాయి తిప్పడం మాత్రం దాని పని కాదు. కోరిక, స్పర్శ, నరాల సంకేతం లేనిదే నైట్రిక్ ఆక్సైడ్ రాదు. అది రాకపోతే సీజీఎంపీ తయారుకాదు. తయారుకానిదాన్ని కాపాడేది ఏముంటుంది? మన ఉదాహరణలోని ఆయన మాత్ర వేసుకుని గడియారం చూస్తూ పడుకున్నాడు. పైగా ‘ఇంకా రాలేదే’ అన్న ఆందోళన ఒకటి. ఆందోళనలో విడుదలయ్యే అడ్రినలిన్ ఆ కండరాలను మరింత బిగిస్తుంది. మొదటి కారణం ఇది.

రెండోది బిర్యానీ. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపుతో వేసుకుంటే సుమారు గంటకు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. కొందరికి అరగంటలోనే పని మొదలవుతుంది. నూనె, నెయ్యి, మాంసం దండిగా ఉన్న భోజనం తర్వాత కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మాత్ర పేగులోకి దిగడం ఆలస్యమవుతుంది. గరిష్ఠ స్థాయి సగటున గంటసేపు వెనక్కి జరగడమే కాదు, ఆ స్థాయి కూడా దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. అంటే పదింపావుకి వేసుకున్న మాత్ర అర్ధరాత్రి దాటాక గానీ పూర్తి బలానికి రాలేదు. అప్పటికి ఆయన నిద్రలో ఉన్నాడు.

అదే మాత్రను మళ్లీ ప్రయత్నించాలంటే, ఆ రాత్రి ఏడున్నరకల్లా తేలికగా తినేయమంటారు డాక్టర్లు. రెండు చపాతీలు, పప్పు చాలు. తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకుంటే పదిన్నరకు రక్తంలో మందు బాగా ఉంటుంది. ఆ గంటా భార్యాభర్తలు కబుర్లతో, దగ్గరితనంతో గడపాలి. మందు ప్రభావం నాలుగైదు గంటలు ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. మద్యం మాత్రం వద్దు. ఒక గుక్క కొంపలు ముంచదు గానీ, ఎక్కువైతే బీపీ ఇంకా పడిపోతుంది, స్తంభనా దెబ్బతింటుంది. ఇలా పద్ధతిగా ఆరు నుంచి ఎనిమిది సార్లు వాడి చూడనిదే ఈ మందు పనిచేయలేదని తేల్చకూడదు. మోతాదును 100 ఎంజీకి పెంచాలా, 25కి తగ్గించాలా అన్నది డాక్టరు చెప్పాలి. ఒక రోజులో రెండో మాత్ర జోలికి మాత్రం పోకూడదు.

తిండి వేళలు చేతిలో లేనివాళ్లకు, గడియారం చూస్తే కంగారు పుట్టేవాళ్లకు తడలాఫిల్ నయమని నా అభిప్రాయం. దానికి భోజనంతో పేచీ లేదు. బిర్యానీ తిన్నా, ఉపవాసం ఉన్నా ఒకేలా ఒంటబడుతుంది. గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు రెండు గంటలు పడుతుంది గానీ, రక్తంలో సగానికి తగ్గడానికి పదిహేడు గంటలకు పైనే పడుతుంది. సిల్డెనాఫిల్‌కు ఇది నాలుగు గంటలే. అందుకే శనివారం సాయంత్రం వేసుకున్న తడలాఫిల్ ప్రభావం సోమవారం తెల్లవారే దాకా, అంటే 36 గంటల వరకు ఉండొచ్చు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అంతసేపూ స్తంభన ఉంటుందని కాదు, ఆ వ్యవధిలో కోరిక కలిగినప్పుడు స్తంభన తేలిగ్గా వస్తుందని. ఇదే మందును 2.5 లేదా 5 ఎంజీ చిన్న మోతాదులో రోజూ వేసుకునే పద్ధతీ ఉంది. రక్తంలో మందు నిలకడైన స్థాయికి రావడానికి సుమారు ఐదు రోజులు పడుతుంది కాబట్టి, మొదటి రోజే ఫలితం చూసి పెదవి విరవకూడదు.

ఇంతకీ ఎంత ఆశించవచ్చు? మామూలుగా చాలామందికి ఈ మందులతో మెరుగు కనిపిస్తుంది. మన ఉదాహరణలోని ఆయనకు షుగర్ ఉంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలూ, రక్తనాళాల లోపలి పొరా రెండూ దెబ్బతింటాయి. నైట్రిక్ ఆక్సైడ్ పుట్టేదే ఆ రెండు చోట్ల. అందుకే షుగర్ ఉన్నవాళ్లపై జరిగిన పరీక్షల్లో సిల్డెనాఫిల్‌తో మెరుగైనవాళ్లు సగానికి కాస్త పైన మాత్రమే. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో ఆ మాట చెప్పింది పది మందిలో ఒకరు. అంటే మందు ఫలితం నిజమే, పరిమితీ నిజమే. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగి నరాలు తెగినవాళ్లకు ఫలితం ఇంకా తక్కువ. ఇక కోరికే తగ్గిపోయినవాళ్లకు ఈ మాత్ర కోరికను పుట్టించదు. అలాంటివాళ్లకు టెస్టోస్టెరాన్ పరీక్ష అవసరం కావచ్చు. అంగం పరిమాణం పెరగదు, పిల్లలు పుట్టే సామర్థ్యమూ పెరగదు.

ఇంకో విషయం డాక్టరు అడక్కుండా వదలరు. అంగంలోని ధమనులు గుండె ధమనులకన్నా సన్నవి. కొవ్వు పేరుకుని పూడుకుపోవడం మొదలైతే ముందు సన్నవాటిలోనే ఇబ్బంది బయటపడుతుంది. స్తంభన సమస్య కనిపించిన కొన్నేళ్లకు గుండెజబ్బు బయటపడినవాళ్లు ఎందరో. 54 ఏళ్ల షుగర్ రోగికి మాత్ర రాసేముందు బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ చూడటం అందుకే. మెట్లు ఎక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందా అని అడిగేదీ అందుకే.

దుష్ప్రభావాల్లో ఎక్కువ భాగం, మందు రక్తనాళాలను అంగంలోనే కాక ఒళ్లంతా కాస్త వదులు చేయడం వల్లే వస్తాయి. తలనొప్పి, ముఖం వేడెక్కి ఎర్రబడటం, ముక్కు దిబ్బడ ఆ కోవలోవే. గొట్టానికీ కడుపుకీ మధ్య కండరం వదులవడంతో గుండెల్లో మంట రావచ్చు. ఇవి చాలావరకు కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. తలనొప్పికి పారాసెటమాల్ చాలు. సిల్డెనాఫిల్ కంటి లోపల వెనకభాగంలో ఉన్న రెటీనాలో దీనికి చుట్టమైన మరో ఎంజైమ్‌నూ కొద్దిగా అడ్డుకుంటుంది, అందుకే కొందరికి కాసేపు చూపు నీలంగా కనిపిస్తుంది. తడలాఫిల్‌తో వచ్చేది వేరే బాధ. వేసుకున్న 12 నుంచి 24 గంటల తర్వాత నడుము నొప్పి, తొడల్లో ఒంటి నొప్పులు. మర్నాడు మధ్యాహ్నం నడుము పట్టేస్తే దాన్ని ముందురోజు మాత్రకు ముడిపెట్టడం ఎవరికీ తట్టదు. రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

స్తంభన నాలుగు గంటలు దాటినా దిగకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. రక్తం కదలక లోపలి కణజాలం శాశ్వతంగా చెడిపోతుంది. ఒక కంటి చూపు గానీ, వినికిడి గానీ ఉన్నట్టుండి పోతే మందు ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి అరుదు.

అసలు ప్రమాదం సార్బిట్రేట్‌తో. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోమని ఇచ్చే మాత్ర అది. చొక్కా జేబులో దాన్ని పెట్టుకు తిరిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో కొల్లలు. ఆ మందూ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే పనిచేస్తుంది. ఒకటి సీజీఎంపీని విపరీతంగా పుట్టిస్తే, రెండోది దాన్ని విరగనివ్వదు. ఒళ్లంతా రక్తనాళాలు ఒక్కసారిగా వదులైపోయి, బీపీ ప్రాణం పోయేంతగా పడిపోవచ్చు. కాబట్టి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు అసలు ముట్టకూడదు. నికోరాండిల్ వాడేవాళ్లకూ ఇదే మాట. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ లాంటివి వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి, చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ‘మూలికలతో చేసింది, ఏమీ కాదు’ అని అమ్మే శక్తి మాత్రల్లో సిల్డెనాఫిల్‌నే రహస్యంగా కలిపినవి పరీక్షల్లో ఎన్నోసార్లు దొరికాయి. సార్బిట్రేట్ వాడే మనిషి అది మూలికే అనుకుని మింగితే, తనేం మింగాడో డాక్టరుకు చెప్పే అవకాశమూ ఉండదు.

ఈ మాత్ర వేసుకున్న రాత్రి ఛాతీలో నొప్పి వస్తే కలయిక ఆపేసి 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఎవరి సార్బిట్రేటూ నోట్లో పెట్టకూడదు. సిల్డెనాఫిల్ అయితే కనీసం 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదని నియమం. వచ్చిన సిబ్బందికి మొట్టమొదట చెప్పాల్సింది ఏ మాత్ర, ఎన్ని ఎంజీ, ఎన్నింటికి వేసుకున్నారన్నది. ఆ మాట తెలిస్తే వాళ్లు వేరే మందులతో వైద్యం చేస్తారు. ఆయన చెప్పే స్థితిలో లేకపోతే చెప్పాల్సింది భార్యే. అందుకని మాత్ర వేసుకునే సంగతి ఆమెకు ముందే తెలిసి ఉండాలి.