జెండా ఏ చేతి వైపుంది?

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మానసిక సామర్థ్య విభాగంలోని 40 బిట్లూ బొమ్మలే. సమయం 60 నిమిషాలు. వాటిలో ‘బొమ్మల శ్రేణి’ అనే రకంలో మూడు గడులు ఇచ్చి నాలుగోది ఖాళీగా వదులుతారు. కింది నాలుగు ఆప్షన్లలో అక్కడికి సరిపోయేది ఎంచుకోవాలి. పిల్లలు ఎక్కువగా తడబడేది బొమ్మ మొత్తాన్నీ ఒకేసారి చూడబోయినప్పుడే. గడిలో ఉన్న ఒక్కో భాగాన్నీ విడదీసి, అది ఒక్కటే మూడు గడుల్లో ఎటు పోతోందో చూడాలి.

ఒక ప్రశ్న తీసుకుందాం. మొదటి గడిలో నిలువు కర్రకు జెండా ఉంది, గుడ్డ కుడివైపు. పైన ఎడమ మూలలో నల్ల చుక్క. రెండో గడిలో కర్ర కొస కుడికి తిరిగింది, గుడ్డ కిందికి వేలాడుతోంది. చుక్క కింద ఎడమ మూలకు వచ్చి తెల్లబడింది. మూడో గడిలో కర్ర కొస కిందికి, గుడ్డ ఎడమకు. చుక్క కింద కుడి మూలలో, మళ్లీ నల్లగా.

ముందు కర్ర సంగతి. ప్రతిసారీ 90 డిగ్రీలు క్లాక్‌వైజ్ తిరుగుతోంది కనుక నాలుగో గడిలో కొస ఎడమకు ఉండాలి. మరి గుడ్డ పైకా, కిందికా? మనం కర్ర మొదట్లో నిలబడి కొస వైపు చూస్తున్నామనుకోండి. మూడు గడుల్లోనూ గుడ్డ మన కుడిచేతి వైపే ఉంది. బొమ్మను ఎంత తిప్పినా అది మారదు. ఎడమచేతి వైపుకు వెళ్లిందంటే అది తిప్పిన బొమ్మ కాదు, అద్దంలో బొమ్మ. కాబట్టి గుడ్డ పైకే ఉండాలి. గుడ్డ కిందికి ఉన్న ఆప్షన్‌ను అక్కడికక్కడే కొట్టేయొచ్చు. పేపరు తయారుచేసేవాళ్లు ఇలాంటి అద్దం బొమ్మను తరచూ కలిపి పెడతారు.

ఇక చుక్క. అది యాంటీ క్లాక్‌వైజ్‌గా ఒక్కో మూల దాటుతోంది, అంటే పైన కుడి మూలకు రావాలి. రంగు విడతకోసారి మారుతోంది, ఈసారి తెలుపు. జెండా, చుక్క ఎదురెదురు దిశల్లో తిరుగుతున్నాయని గమనించారా? రెండూ ఒకే వైపు తిరుగుతాయని ముందే అనుకుంటే జవాబు తప్పుతుంది.

మూడు గడులంటే కనిపించే మార్పులు రెండే. అందుకే కొన్నిసార్లు రెండు నియమాలు సరిపోతాయి. ఒక బాణం మొదట 45 డిగ్రీలు, తర్వాత 90 డిగ్రీలు తిరిగింది. తర్వాత 45 కలిసి 135 కావచ్చు, రెట్టింపై 180 కావచ్చు. పైకి చూస్తూ మొదలైన బాణం మొదటి లెక్కన ఎడమకు, రెండో లెక్కన పై ఎడమ మూలకు చూస్తుంది. అప్పుడు తేల్చేది ఆప్షన్లే: సాధారణంగా ఆ రెండింటిలో ఒక్కటే అక్కడ ఉంటుంది. రెండూ ఉంటే గడిలోని మిగతా భాగాలను మళ్లీ చూడాలి. అక్కడా తేడా దొరకకపోతే లోపం ప్రశ్నదే.