ఒకే లెక్కలో నిర్ధారకం, విలోమం

ఇంటర్‌లో మాత్రికలు చదివినవాళ్లకు 3×3 మాత్రిక విలోమం ఎంత చాకిరీయో గుర్తుండే ఉంటుంది. తొమ్మిది సహగుణకాలు కట్టాలి, ఒక్కోదానికి సరైన గుర్తు వేయాలి, అడ్డువరుసలను నిలువువరుసలుగా తిప్పి రాయాలి, చివరికి నిర్ధారకంతో భాగించాలి. అడ్డువరుసల పరిక్రియలతో చేస్తే ఇంత పని ఉండదు. పైగా నిర్ధారకం, విలోమం రెండూ ఒకే లెక్కలో వస్తాయి. ఈ మాత్రికను తీసుకుందాం.

```
0  1  2
1  1  1
2  3  6
```

వరుసలతో చేయదగిన పనులు మూడే. రెండు వరుసల స్థానాలు మార్చుకోవచ్చు. అప్పుడు నిర్ధారకం గుర్తు మారుతుంది. ఒక వరుసను సున్నా కాని సంఖ్యతో గుణించవచ్చు. నిర్ధారకం కూడా అన్ని రెట్లవుతుంది. ఇక ఒక వరుసలోంచి మరో వరుసకు ఎన్ని రెట్లయినా తీసివేయవచ్చు. దీనివల్ల నిర్ధారకం ఏమీ మారదు, అందుకే లెక్కలో ఎక్కువ భాగం దీనితోనే నడుస్తుంది.

మన మాత్రికలో మొదటి స్థానంలోనే సున్నా ఉంది. దాన్ని పట్టుకుని కింది అంకెలను తుడిచేయలేం కాబట్టి, ముందు మొదటి రెండు వరుసలను తారుమారు చేద్దాం. గుర్తు ఒకసారి మారిందని పక్కన రాసుకోవాలి. తర్వాత మూడో వరుసలోంచి మొదటి వరుసకు రెండు రెట్లు తీసేస్తే 0, 1, 4 మిగులుతాయి. అందులోంచి రెండో వరుసను తీసేస్తే 0, 0, 2.

```
1  1  1
0  1  2
0  0  2
```

ఇది త్రిభుజ మాత్రిక. వికర్ణం మీది సంఖ్యల లబ్ధమే దీని నిర్ధారకం: 1 × 1 × 2 = 2. ఒకసారి గుర్తు మారింది కనుక అసలు మాత్రిక నిర్ధారకం −2.

ఇక్కడ విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. భిన్నాలు రాకుండా ఉండాలని కొందరు R3 బదులు 2R3 − R1 అని రాస్తారు. విలోమానికి దానివల్ల నష్టం లేదు, నిర్ధారకం మాత్రం రెట్టింపైపోతుంది. చివర్లో 2తో భాగించడం మరిచిపోతే జవాబు తప్పుతుంది.

విలోమం కావాలంటే మొదటి నుంచీ మాత్రిక పక్కన గీత గీసి యూనిట్ మాత్రికను రాసుకోవాలి. ఎడమ వైపు ఏం చేస్తే కుడి వైపూ అదే చేయాలి. పై మూడు మెట్లు అయ్యేసరికి రెండు వైపులా ఇలా ఉంటుంది:

```
1  1  1 |  0   1   0
0  1  2 |  1   0   0
0  0  2 | -1  -2   1
```

ఇప్పుడు కింది నుంచి పైకి వెళ్లాలి. మూడో వరుసను 2తో భాగించి, దానికి రెండు రెట్లు రెండో వరుసలోంచి, ఒక రెట్టు మొదటి వరుసలోంచి తీసేయాలి. ఆ తర్వాత మొదటి వరుసలోంచి కొత్త రెండో వరుసను తీసేస్తే ఎడమ వైపు యూనిట్ మాత్రిక మిగులుతుంది. కుడి వైపు తేలేదే విలోమం:

```
-3/2   0   1/2
 2     2  -1
-1/2  -1   1/2
```

ఎందుకిలా అవుతుంది? ప్రతి వరుస పరిక్రియా నిజానికి ఎడమ వైపు నుంచి ఒక చిన్న మాత్రికతో గుణించడమే. అవన్నీ కలిసి A ని యూనిట్ మాత్రికగా మార్చాయంటే వాటి లబ్ధమే A విలోమం. ఆ లబ్ధం కుడి వైపు యూనిట్ మాత్రిక మీద పడి అక్కడ అలాగే నిలిచిపోతుంది. అందుకే ఈ లెక్క మధ్యలో నిలువువరుసల పరిక్రియలు కలపకూడదు. అవి కుడి వైపు నుంచి గుణిస్తాయి. నిర్ధారకం ఒక్కటే కావాలంటే మాత్రం కలిపినా ఫరవాలేదు.

గాస్ పేరు పక్కన ఈ పద్ధతికి ఉన్న జోర్డాన్ పేరు జర్మన్ భూమాపకుడు విల్‌హెల్మ్ జోర్డాన్‌ది. చాలామంది ఆయన్ని ఫ్రెంచ్ గణితజ్ఞుడు కమీల్ జోర్డాన్ అనుకుంటారు.

జవాబు సరిచూసుకోవడానికి అసలు మాత్రికను విలోమంతో గుణించాలి. ఉదాహరణకు 0, 1, 2 వరుసను విలోమం మొదటి నిలువువరుసతో గుణిస్తే 0 + 2 − 1 = 1 వస్తుంది. రెండో నిలువువరుసతో 0 + 2 − 2 = 0. ఇంకో గుర్తు కూడా ఉంది: అసలు మాత్రికలో అన్నీ పూర్ణాంకాలే, నిర్ధారకం −2. అలాంటప్పుడు విలోమంలో హారం 2 కన్నా పెద్దది రానే రాదు. ఎక్కడైనా 3 హారంగా కనిపిస్తే వెనక్కి వెళ్లి వెతకాల్సిందే.

ఇప్పుడు మూడో వరుస చివర ఉన్న 6 ను 4 చేసి చూడండి. అవే మెట్లు ఎక్కితే ఈసారి చివరి వరుసలో 0, 0, 0 తేలుతుంది. ఎందుకంటే 2, 3, 4 అనేది మొదటి వరుసకు రెండో వరుసను రెండు రెట్లు కలిపితే వచ్చేదే, అందులో కొత్త సమాచారమేమీ లేదు. నిర్ధారకం సున్నా, విలోమం లేదు. లెక్కను అక్కడే ఆపేయవచ్చు.

4 బదులు 4.01 పెడితే విలోమం ఉంటుంది. కానీ చివరి వరుసలో 0.01 మిగిలి, దానితో భాగించేసరికి విలోమం మూడో వరుస −100, −200, 100 అవుతుంది. ఆ 4.01 ఏదో కొలత నుంచి వచ్చి అసలు విలువ 4.02 అయితే, ఆ వరుసలోని అంకెలన్నీ సగమైపోతాయి.