ఫిర్యాదు లేని డ్రైవరు మంచి డ్రైవరేనా?

మార్చి వచ్చిందంటే కంపెనీల్లో అప్రైజళ్లు మొదలవుతాయి. సేల్స్ మనిషికి అమ్మకాల లెక్క ఉంటుంది, మెషిన్ ఆపరేటరుకు ఉత్పత్తి లెక్క ఉంటుంది. డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి అడ్మిన్ ఆఫీసరు ఫైలు తెరిచి ఒక్కటే చూస్తాడు: ఈ ఏడాది ఇతని మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? ఏమీ లేకపోతే ‘బాగుంది’, నాలుగైదు ఉంటే ‘మెరుగుపడాలి’. అప్రైజల్ అయిపోయింది.

ఈ పద్ధతి ఎక్కడ తప్పుతుందో తెలియడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ఫ్యాక్టరీ పటాన్‌చెరులో ఉంది. ఇద్దరు డ్రైవర్లు. ఒకరు కూకట్‌పల్లి, మియాపూర్, బీహెచ్‌ఈఎల్ మీదుగా పదిమంది సిబ్బందిని ఫ్యాక్టరీకి తెచ్చే వ్యాను నడుపుతారు. ఇంకొకరు జనరల్ మేనేజర్ కారు నడుపుతారు. ఆరు నెలల్లో వ్యాను డ్రైవరు మీద 6 ఫిర్యాదులు, కారు డ్రైవరు మీద ఒక్కటి. చూడగానే ఎవరు నయమో తేలిపోయినట్టే ఉంది.

కాస్త ఆగి లెక్క వేద్దాం. వ్యానులో పదిమంది, రోజుకు రెండు ట్రిప్పులు, ఆరు నెలల్లో 150 పనిరోజులు. అంటే 3,000 సార్లు ఎవరో ఒకరు ఆ వ్యానులో ప్రయాణం చేశారు. 6 ఫిర్యాదులంటే 500 ప్రయాణాలకు ఒకటి. కారులో ఎక్కేది ఒక్కరే కాబట్టి అవే 150 రోజులకు 300 ప్రయాణాలు. ఒక్క ఫిర్యాదంటే 300కు ఒకటి. లెక్క తిరగబడింది. ఒకే ఒక్క ఫిర్యాదు పట్టుకుని కారు డ్రైవరు చెడ్డవాడని తేల్చడమూ తప్పే. ఇంత చిన్న సంఖ్య ఏ తీర్పునూ మోయలేదు, అంతే.

ఇక ఆ ఆరింటిలో ఏముందో చదివితే మరో సంగతి బయటపడుతుంది. నాలుగింటిలో ఉన్నది ఒకటే మాట: ‘నెమ్మదిగా నడుపుతాడు, ఓవర్‌టేక్ చేయడు, మేం లేటవుతున్నాం’. ఒకటి ఏసీ గురించి. చివరిది, బండి నడుపుతూ ఫోను ఎత్తాడని. మొదటి నాలుగు ఒకవిధంగా మెచ్చుకోళ్లు. చివరిది మాత్రం తప్పక విచారించాల్సింది. ఆఫీసు ఫైల్లో ఆరూ ఒకే బరువుతో కూర్చున్నాయి.

గేటు రిజిస్టరు చెప్పనిది

సమయపాలన చూడటానికి చాలామంది సెక్యూరిటీ గేటు దగ్గరి రిజిస్టరు తీస్తారు. బండి లోపలికి వచ్చిన టైము అందులో ఉంటుంది కాబట్టి అది సాక్ష్యమే. కాని అందులో పడేది దారి మొత్తం చేసిన ఆలస్యం, డ్రైవరు ఒక్కడిదే కాదు. డ్రైవరు చేతిలో ఉన్నది మొదటి పికప్ పాయింటుకు టైముకు రావడం. ఆ తర్వాత జరిగేదాంట్లో ఎక్కేవాళ్ల వాటా, రోడ్డు వాటా ఉంటాయి.

అందుకే ట్రిప్ షీటులో మూడు టైములు ఉండాలి: మొదటి పాయింటుకు బండి వచ్చిన టైము, చివరి పాయింటు నుంచి కదిలిన టైము, గేటు దాటిన టైము. మన వ్యాను ఒక నెలలో 25 రోజులకు 9 రోజులు గేటు దగ్గర ఆలస్యమైందనుకుందాం. మూడు టైములు పక్కపక్కన పెట్టి చూస్తే 5 రోజులు ఎవరో ఒకరి కోసం పాయింటు దగ్గర ఆగడం, 3 రోజులు ట్రాఫిక్. డ్రైవరు స్వయంగా లేటుగా వచ్చింది ఒక్క రోజే.

కారు విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది ఒక్క రోజూ ఆఫీసుకు ఆలస్యం కాలేదు. కాని జీపీఎస్ రికార్డు తీస్తే 25 రోజుల్లో 6 రోజులు కారు మేనేజర్ ఇంటి ముందుకు పది నిమిషాలు లేటుగా వెళ్లింది. మరి ఆఫీసుకు టైముకు ఎలా చేరింది? కంపెనీ పెట్టిన వేగ పరిమితి 70 కిలోమీటర్లు. ఆ 6 రోజుల్లో 4 రోజులు కారు 90 దాటింది. పొద్దున్న పోగొట్టుకున్న పది నిమిషాలను రోడ్డు మీద తొక్కి రాబట్టాడు. వెనక సీట్లో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషికి ‘టైముకు చేర్చాడు’ అన్న తృప్తే మిగిలింది. సమయపాలననూ వేగాన్నీ వేర్వేరు కాగితాల మీద చూసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

సడన్ బ్రేకు ఎక్కడ పడింది?

జీపీఎస్ పరికరాల్లో చాలావాటికి వేగం ఒక్కసారిగా పడిపోతే పసిగట్టే సెన్సారు ఉంటుంది. సెకనులో పది పన్నెండు కిలోమీటర్ల వేగం తగ్గితే దాన్ని సడన్ బ్రేకుగా రాసుకునేలా సాధారణంగా పెడతారు. నెలాఖరుకు రిపోర్టులో ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను అలాగే తీసుకుంటే ఫిర్యాదుల లెక్క చేసిన తప్పే ఇదీ చేస్తుంది.

మొదట దూరంతో భాగించాలి. వ్యాను నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగి 45 సడన్ బ్రేకులు వేసింది, అంటే 100 కిలోమీటర్లకు 3. కారు 2,000 కిలోమీటర్లకు 40 వేసింది, అంటే 100కు 2. ఇక్కడ మళ్లీ వ్యానే వెనకబడింది.

తర్వాత మ్యాపు తెరవాలి. వ్యాను వేసిన 45లో 30 రెండే రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి తెల్లరంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకరు. ఇంకొకటి ఆటోలు అడ్డంగా ఆగే మలుపు. డ్రైవరు సెలవు పెట్టిన వారంలో బదులు వచ్చినతను కూడా అక్కడే బ్రేకు కొట్టాడు. అందరూ ఒకేచోట కొడితే కారణం రోడ్డు. అయినా రోజూ వెళ్లే దారే కదా, ముందే ఎందుకు తగ్గించలేదని అడగొచ్చు, అడగాలి కూడా. ఆ రెండు చోట్లూ పక్కన పెడితే మిగిలిన 15 బ్రేకులు 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున పడ్డాయి. కారువి మాత్రం దారి పొడవునా చెదిరి ఉన్నాయి, ఎక్కువగా ఖాళీ రోడ్డు మీద. ఖాళీ రోడ్డు మీద సడన్ బ్రేకంటే సాధారణంగా అర్థం ఒకటే: ముందు బండికి మరీ దగ్గరగా వెళ్తున్నాడు.

ఈ అనుమానం నిజమో కాదో తేల్చడానికి బండిలో కూర్చుని చూడటమే దారి. మూడు నెలలకోసారి అరగంట చాలు. ముందు బండి ఒక స్తంభం దాటిన క్షణం నుంచి మన బండి అదే స్తంభం చేరేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. మూడు ఉంటే సరిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్ల ఎడం. లేను మారే ముందు అద్దం చూస్తున్నాడా, రివర్సు తీసే ముందు దిగి వెనక చూస్తున్నాడా అన్నవీ గమనించాలి. ఆఫీసరు పక్కనుంటే ఎవరైనా జాగ్రత్తగానే నడుపుతారన్నది నిజం. అందుకే ఈ పరిశీలనను జీపీఎస్ రికార్డుతో కలిపి చదవాలి. ఆఫీసరు ఉన్న అరగంటకూ లేని నెలకూ మధ్య తేడా ఎంతన్నది కూడా ఒక సమాచారమే.

టైరు చదవడం

బండి సంరక్షణ అనగానే చాలామంది చూసేది మెరుపు. బానెట్ అద్దంలా ఉంటే మార్కులు పడతాయి. ఇంజిన్ ఆయిలు ఎంతుందో డిప్‌స్టిక్ తీసి చూసే డ్రైవరుకు ఆ పని ఎవరూ చూడరు.

టైరు అబద్ధం చెప్పదు. రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే గాలి తక్కువగా ఉండగా నడిపారని అర్థం. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగితే సాధారణంగా అలైన్‌మెంటు తప్పింది. గాలి చూసుకోవడం డ్రైవరు పని కాబట్టి మొదటి రెండింటికీ అతన్ని అడగొచ్చు. అలైన్‌మెంటు మాత్రం గుంతల రోడ్డు వల్ల తప్పుతుంది. అక్కడ అడగాల్సింది, స్టీరింగు పక్కకు లాగుతోందని అతను ఎప్పుడు చెప్పాడు, ఆఫీసు ఎప్పుడు బాగు చేయించింది అని. బండిలో ఒక రిపేరు పుస్తకం పెట్టి, చెప్పిన తేదీ, చేయించిన తేదీ రెండూ రాయిస్తే ఈ వాదన ఉండదు. డ్రైవరు 3వ తేదీన ‘బ్రేకు చప్పుడు వస్తోంది’ అని రాస్తే మెకానిక్ దగ్గరికి 19న పంపిన ఆఫీసు, బ్రేకు డిస్కు పాడైందని డ్రైవరుకు మార్కులు కోయలేదు.

గీతల విషయంలో ఒక చిక్కుంది. బంపరుకు గీత పడ్డ ప్రతిసారీ మార్కులు తగ్గిస్తే డ్రైవరు చెప్పడం మానేస్తాడు, సొంత డబ్బుతో సందులో డెంటింగ్ షాపుకు వెళ్తాడు. ఫైలు మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. కాబట్టి గీత పడిన రోజే చెప్పాడా, జాగ్రత్తపడితే అది తప్పేదా అన్నవి చూడాలి. మరమ్మతు బిల్లు ఎంతైందన్నది అతని జాగ్రత్తకు కొలత కాదు.

అతని మాటా వినాలి

ఇవన్నీ కూర్చి ఒకే మార్కు తేల్చాలనిపిస్తుంది. అలా చేస్తే మెరిసే బానెట్ 90 వేగాన్ని కప్పేస్తుంది. మూడు విషయాలకూ విడివిడిగా రెండు వాక్యాలు, వాటి కింద ఆధారం రాసి, సంతకం పెట్టేముందు డ్రైవరుకు చూపించడం మేలు.

మన వ్యాను డ్రైవరుకు ఆ ఫోను ఫిర్యాదు చూపిస్తే ఏమంటాడో ఊహించవచ్చు. “ఎత్తిన మాట నిజమే సార్. కానీ ఆ ఫోను ఆఫీసు నుంచే వచ్చింది. ఎక్కడిదాకా వచ్చినవ్ అని రోజూ అడుగుతరు.” ఇది తేల్చడానికి అతని సొంత ఫోను గుంజుకోనక్కర్లేదు. ట్రాన్స్‌పోర్టు డెస్కు ఫోను రికార్డులో టైములు చూసి, అప్పుడు వ్యాను కదులుతోందో లేదో జీపీఎస్‌లో చూస్తే చాలు. నిజమని తేలితే ఫోను ఎత్తినందుకు అతనికి మార్కు తగ్గాల్సిందే. దాంతోపాటు ఇకమీదట డెస్కు డ్రైవరుకు కాకుండా వ్యానులో కూర్చున్న ఒక ఉద్యోగికి ఫోను చేయాలన్న నియమమూ రావాలి. కారు డ్రైవరు విషయంలోనూ అంతే. ఆ లేటైన 6 రోజులకు ముందు రాత్రి అతని డ్యూటీ ఎన్నింటికి ముగిసిందో చూడకుండా వేగం మీద తీర్పు రాయకూడదు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చినవాణ్ని తెల్లారి ఆరింటికి రమ్మన్నది ఆఫీసే అయితే, ఆ వాక్యం కూడా కాగితం మీద ఉండాలి.

వ్యానుకు మిగిలింది ఆ పాయింట్ల దగ్గర ఆగడం. బండి పది నిమిషాలు ముందు బయల్దేరాలని, ఏ పాయింటు దగ్గరా రెండు నిమిషాలకు మించి ఆగకూడదని ఆఫీసు రాసిస్తే, “అన్నా, కొంచెం తొక్కు, పంచింగ్ టైమైపోతోంది” అనే అవసరం తగ్గుతుంది. మొదటి నెలలో మాత్రం ‘మమ్మల్ని ఎక్కించుకోకుండా వెళ్లిపోయాడు’ అని రెండు కొత్త ఫిర్యాదులు రావచ్చు. వాటిని డ్రైవరు ఫైల్లో పెట్టే ముందు ట్రిప్ షీటులో ఆ రోజు టైము చూడాలి.