తినే వేళలు కుదిస్తే బరువు తగ్గుతుందా?

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఊబకాయం ఉన్న 139 మందితో వైద్యులు ఏడాదిపాటు ఒక పరీక్ష జరిపారు. తిండి కొలత అందరికీ ఒకటే. మగవారికి రోజుకు 1500 నుంచి 1800 కేలరీలు, ఆడవారికి 1200 నుంచి 1500. తేడా వేళల్లోనే. ఒక జట్టు ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపు తినడం ముగించాలి. రెండో జట్టుకు వేళల పట్టింపు లేదు. ఏం తిన్నారో ఫొటో తీసి, ఎన్నింటికి తిన్నారో రాసి పెట్టాలి.

ఏడాది తర్వాత మొదటి జట్టువారు సగటున 8 కిలోలు, రెండో జట్టువారు 6.3 కిలోలు తగ్గారు. ఉపవాసమే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ ఒకే జట్టులో కొందరు బాగా తగ్గుతారు, కొందరు అంతంతమాత్రం. ఇంత తక్కువ మందిలో ఆ మాత్రం తేడా కాకతాళీయంగా కూడా రావచ్చని లెక్కలు తేల్చాయి. అందుకే 2022లో వెలువడిన ఈ పరిశోధన, కేలరీలు తగ్గించినవారికి వేళలు కుదించడం వల్ల అదనపు లాభం రుజువు కాలేదని చెప్పింది.

వేళల ప్రభావాన్ని మరింత గట్టిగా పరీక్షించింది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. ఇంట్లో ఎవరెంత తిన్నారన్న అనుమానానికి తావు లేకుండా 41 మందికి 12 వారాలపాటు వారే భోజనం వండి ఇచ్చారు. రెండు జట్లకూ కేలరీలు సమానం. ఒక జట్టు పది గంటల వ్యవధిలో, అదీ ఎక్కువ భాగం మధ్యాహ్నం ఒంటిగంట లోపే తింది. రెండోది మామూలు వేళల్లో తింది. రెండు జట్లూ తగ్గింది రెండున్నర కిలోల అటూ ఇటూగానే. తిండి కొలత మారనప్పుడు గడియారం విడిగా కొవ్వు కరిగించలేదు.

మరి ఎందరో ఈ పద్ధతితో తగ్గామంటున్నారే! వారి మాట అబద్ధం కాదు. షికాగోలో ఒక జట్టుకు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపు తినమని మాత్రమే చెప్పారు, కేలరీలు లెక్కించమనలేదు. అయినా వారి తిండి రోజుకు సుమారు 425 కేలరీలు తగ్గింది. కేలరీలు లెక్కపెట్టుకుంటూ తిన్న జట్టు తగ్గించింది కూడా దాదాపు అంతే. ఏడాదికి ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఉపవాసం అసలు బలం ఇదేనని నా అభిప్రాయం. అన్నం తూచక్కర్లేదు, నూనె చెంచాలు లెక్కపెట్టక్కర్లేదు, గడియారం చూసుకుంటే చాలు.

అయితే ఆ బలం దానంతటదే రాదు. షికాగోలో పోషకాహార నిపుణులు తరచూ మాట్లాడుతూ వెన్నంటి ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఫోన్ యాప్ ద్వారా ఇవే వేళలు చెప్పి ఊరుకుంటే, 12 వారాల్లో సగటున తగ్గింది కిలో లోపే. మూడు పూటలా తిన్నవారితో పోలిస్తే అది చెప్పుకోదగ్గ తేడా కాదు. పైగా వివరంగా పరీక్షించిన కొందరిలో, పోయిన బరువులో కొవ్వు కన్నా కండ వంటి కొవ్వేతర భాగమే ఎక్కువ.

శనివారం ఒక్కపొద్దు ఉండేవారి ఇళ్లలో దీని కారణం తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి అన్నం మానేసి ఉప్మా, రెండు అరటిపళ్లు, చక్కెర వేసిన పాలు తీసుకుంటే, మానేసిన భోజనం కేలరీలు చాలావరకు తిరిగొస్తాయి. ఉదయం టిఫిన్ మానినవారు మధ్యాహ్నం మారు అన్నం వడ్డించుకున్నా అంతే. చక్కెర, పాలు వేసిన టీ కూడా ఉపవాసంలో తిండి కిందికే వస్తుంది.

దీనికి భిన్నమైన ఫలితమూ ఉంది. వారంలో మూడు రోజులు 80 శాతం తిండి తగ్గించే పద్ధతిని కొలరాడోలో 165 మందిపై పరీక్షించారు. ఏడాదికి వారి బరువు 7.6 శాతం తగ్గింది. రోజూ కాస్త కాస్త తగ్గించినవారిలో తగ్గింది 5 శాతం. కొందరికి ప్రతిరోజూ నోరు కట్టుకోవడం కన్నా మూడు రోజులు గట్టిగా ఉండటమే సులువు కావచ్చు. కానీ 2017లో షికాగోలోనే జరిగిన మరో పరీక్షలో, రోజు విడిచి రోజు ఉపవాసమున్న జట్టులో 38 శాతం మంది మధ్యలోనే మానేశారు. రోజూ తగ్గించిన జట్టులో మానినవారు 29 శాతం.

మొదలుపెట్టిన వారంలో రెండు కిలోలు తగ్గితే అదంతా కొవ్వు అనుకోవద్దు. శరీరం దాచుకున్న పిండిపదార్థంతోపాటు దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది, మామూలుగా తినగానే తిరిగొస్తుంది. వారానికోసారి, ఉదయం, ఖాళీ కడుపుతో బరువు చూసుకోండి. నాలుగు వారాలైనా ముల్లు కదలకపోతే, తినే గంటల్లో ఏం తింటున్నారో మూడు రోజులు రాయండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే మధుమేహ రోగులు డాక్టరుతో మోతాదు మార్పించుకోకుండా పూట మానకూడదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే ఉపవాసం ఆపి వెంటనే చక్కెర కలిపిన నీళ్లు తాగాలి.