బారీమోర్ చేతిలో కొవ్వొత్తి

పొగబెట్టి ఆరబెట్టిన హెర్రింగ్ చేప ఎర్రబారుతుంది, వాసన కూడా ఘాటుగా ఉంటుంది. చిన్నప్పుడు అలాంటి చేపను ఈడ్చి వేటకుక్కలను కుందేలు జాడ నుంచి తప్పించానని 1807లో ఇంగ్లండ్ పత్రికా రచయిత విలియం కాబెట్ ఓ కథ చెప్పాడు. థ్రిల్లర్లలో మనల్ని తప్పుదారి పట్టించే ఎరకు రెడ్ హెర్రింగ్ అన్న పేరు నిలబడటంలో ఆ కథకూ వాటా ఉంది.

ఎర వేస్తూనే పాఠకుణ్ణి మోసం చేయకుండా ఉండటమెలా? కోనన్ డాయిల్ నవల 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'లో బట్లర్ బారీమోర్‌ను చూడండి. (ముగింపు చెప్పేస్తున్నాను. 1901-02లో సీరియల్‌గా వచ్చిన నవల కాబట్టి క్షమిస్తారనుకుంటాను.)

బారీమోర్‌కు నల్ల గడ్డం. లండన్‌లో సర్ హెన్రీని బండిలో వెంబడించినవాడికీ నల్ల గడ్డమే. చనిపోయిన యజమాని వీలునామాలో బారీమోర్‌కు 500 పౌండ్లు రాశాడు. రాత్రి ఇంట్లో ఏడ్చింది తన భార్య కాదని బారీమోర్ అబద్ధమాడతాడు. పైగా అర్ధరాత్రి కొవ్వొత్తి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చీకట్లోకి చూస్తుంటాడు. ఇంకేం, హంతకుడు దొరికాడనుకుంటాం.

అసలు సంగతి వేరు. జైలు నుంచి పారిపోయిన సెల్డన్ అతని బావమరిది, ఆ బంజరులోనే దాక్కున్నాడు. ఇక్కడ కొవ్వొత్తి చూపిస్తే అక్కడి నుంచి జవాబుగా వెలుగు కనిపించాలి, అప్పుడు బారీమోర్ రొట్టె, మాంసం తీసుకెళ్లి ఇస్తాడు. హత్య సంగతి పూర్తిగా పక్కన పెట్టినా ఈ మనిషి ఆ కొవ్వొత్తి వెలిగించేవాడే. అబద్ధం కూడా అతనే ఆడాడు. కథ చెప్పే వాట్సన్ మాత్రం తను చూసింది చూసినట్టే చెప్పాడు.

డాయిల్ అంతటితో ఆగలేదు. సర్ హెన్రీకి హోటల్లో మొదట కొత్త బూటొకటి పోతుంది, తర్వాత పాతదొకటి పోతుంది. కొత్తది మాత్రం తిరిగి దొరుకుతుంది. తొడగని బూటుకు మనిషి వాసన ఉండదు, కుక్కకు పనికిరాదు. అసలైన ఆధారం ఇదే. మనం గడ్డం వైపు చూస్తుండగానే డాయిల్ దాన్ని మన ముందు పెట్టేశాడు. ఆ తర్వాత సర్ హెన్రీ పాత బట్టలు బారీమోర్ ద్వారా సెల్డన్‌కు చేరతాయి. కుక్క ఆ వాసన పట్టి సెల్డన్‌ను తరుముతుంది, వాడు రాళ్ల మీంచి పడి చస్తాడు. పక్కదారి అనుకున్నది తిరిగొచ్చి అసలు కథలో కలిసింది.

మోసం చేసే నవలలో ఇలా ఉండదు. హీరో స్నేహితుడు అర్ధరాత్రి రహస్యంగా కత్తి కడుగుతాడు, ఎందుకన్నది చివరిదాకా ఎవరూ చెప్పరు. కత్తి కడగాల్సిన అవసరం రచయితకుంది గానీ, పాపం, ఆ స్నేహితుడికి లేదు.

మీరు థ్రిల్లర్ రాస్తుంటే అనుమానితుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. హత్యే జరగకపోయినా ఆ రాత్రి ఈ మనిషి ఆ పని చేసేవాడా అని ఒక్కో పేరు దగ్గరా ఆగి అడగండి. జవాబు దొరకని సన్నివేశాన్ని కొట్టేయండి.